సగమే ఎర్రబడి ఎంసీబీని పడగొట్టే రూమ్ హీటర్: అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలో రూమ్ హీటర్ ఏడాదిలో ధనుర్మాసం చుట్టూ ఉన్న కొద్ది వారాలే పనిచేస్తుంది. అదీ ఎక్కువగా బాలింతలున్న గదిలోనో, పెద్దవాళ్లు పడుకునే గదిలోనో. మిగిలిన నెలలన్నీ అది అటక మీద తేమ గాలికి, తీరం దగ్గరి ఊళ్లలోనైతే ఉప్పు గాలికి తుప్పు పడుతూ ఉంటుంది. అందుకే డిసెంబరులో మరమ్మతుకు వచ్చే హీటర్లలో చాలావాటికి ఫిర్యాదు ఒక్కటే: కాయిల్ కొంతమేరకే ఎర్రబడుతోంది, కాసేపటికి, కరెంటు పరిమితి దాటితే లైన్ ఆపేసే ఎంసీబీ పడిపోతోంది. పింగాణీ కడ్డీ మీద కాయిల్ చుట్టి, వెనుక మెరిసే రేకు, ముందు ఇనుప జాలీ ఉండే మామూలు రెండు రాడ్ల హీటరు గురించే ఇక్కడ చెబుతున్నాను.

అపోహ: కాయిల్ తెగింది కాబట్టి సగమే వెలుగుతోంది.

వాస్తవం: కేవలం తెగిన కాయిల్ అసలు వెలగదు. రాడ్డు మీది తీగ ఒకే వరుస దారి కనుక ఎక్కడ తెగినా కరెంటు మొత్తం ఆగిపోతుంది. ఒకే రాడ్డులో సగం ఎర్రగా, సగం నల్లగా ఉందంటే కరెంటుకు మధ్యలో మరో దారి దొరికిందని అర్థం. కాలువకు నడిమిన గండి పడితే గండి దాకా నీరు పారి, దిగువ ఎండిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. ఆ గండి రెండు రకాలు. తెగిన కొస వెనుక రేకుకు తగిలి, కరెంటు బాడీలోంచి ఎర్త్‌కు పోవడం మొదటిది. ఈ రకంలో వెలిగేది ఫేజు వైపు ముక్క మాత్రమే. కాయిల్ తెగకుండానే చుట్లు జారి ఒకదానికొకటి అతుక్కుని, కరెంటు ఆ భాగాన్ని దాటవేసి పోవడం రెండోది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ నిరోధం తగ్గి కరెంటు పెరుగుతుంది కాబట్టి, వెలిగే సగం మామూలు ఎరుపు కన్నా పసుపుగా, కళ్లు చెదిరేలా ఉంటుంది. అయితే రెండోది కాయిల్‌ను కాల్చేస్తుంది, మొదటిది మనిషిని చంపగలదు.

కోనసీమలోని ఒక పాత పెంకుటింటి నుంచి వచ్చిన హీటరుతో ఈ తేడా వివరిస్తాను. అందులో 1000 వాట్ల రాడ్లు రెండున్నా, ఆ ఇంటివారు ఒక్కదాన్నే వాడేవారు. ఆ గది లైన్‌కు 6 ఆంపియర్ల ఎంసీబీ ఉంది, మెయిన్ బోర్డులో కరెంటు ఎర్త్‌కు లీకైతే లైన్ ఆపేసే ఆర్‌సీసీబీ లేదు. 1000 వాట్ల రాడ్డు 230 వోల్టుల దగ్గర 4.3 ఆంపియర్లకు కాస్త పైన తీసుకుంటుంది. లైట్లు, ఫ్యాను, టీవీ కలిపి మరో ఆంపియరు అనుకున్నా అంతకుముందు ఏడాది ఆ ఎంసీబీ పడలేదంటే ఆశ్చర్యం లేదు. ఈసారి మాత్రం రాడ్డు సగమే వెలిగి, పావుగంట తిరగకుండానే ఎంసీబీ పడిపోయేది.

ప్లగ్గు పూర్తిగా ఊడదీసి, ఆ రాడ్డు స్విచ్ ఒక్కటే ఆన్‌లో ఉంచి, ప్లగ్గు పిన్నుల మధ్య మల్టీమీటరుతో కొలవాలి. బాగున్న 1000 వాట్ల రాడ్డయితే ఫేజు, న్యూట్రల్ పిన్నుల మధ్య 50 ఓమ్‌లకు అటూ ఇటూ చూపాలి. ఎర్త్ పిన్నుకు, మిగతా రెండింటిలో దేనికీ మధ్య కరెంటు దారి ఏమీ చూపకూడదు. ఈ హీటరులో ఫేజు, న్యూట్రల్ మధ్య ఏమీ చూపలేదు. ఫేజు, ఎర్త్ మధ్య 28 ఓమ్‌లు చూపింది. అంటే కాయిల్ దాదాపు నడిమికి తెగి, ఫేజు వైపు కొస రేకుకు తగిలి ఉంది. చుట్లు అతుక్కున్న కేసయితే ఫేజు, న్యూట్రల్ మధ్యే పాతిక ఓమ్‌లు చూపి, ఎర్త్ వైపు ఏమీ చూపదు.

ఎర్త్ దారి నిరోధం 3 ఓమ్‌లు అనుకుంటే మొత్తం 31 ఓమ్‌లు, కరెంటు 7.4 ఆంపియర్లు. లైట్ల వాడకంతో కలిపి అది 8 దాటుతుంది కాబట్టి 6 ఆంపియర్ల ఎంసీబీ తాపీగా వేడెక్కి పడిపోయింది. అదే 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే ఎన్నటికీ పడదు. అంతసేపూ హీటరు బాడీ మీద, ఆ ఎర్త్ తీగకు కలిసిన ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ల బాడీల మీద కూడా ఇరవై వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది.

అపోహ: వేరే ప్లగ్గులో పెడితే ఎంసీబీ పడటం లేదు కాబట్టి హీటరులో తప్పు లేదు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఈ నమ్మకమే. ఎర్త్ లేని ప్లగ్గులోనో, ఎర్త్ పిన్ను విరిచేసిన ప్లగ్ టాప్‌తోనో, టూ పిన్ ఎక్స్‌టెన్షన్ మీదో పై హీటరును పెడితే కరెంటు పోయే దారి మూసుకుపోతుంది. కాయిల్ వెలగదు, ఎంసీబీ పడదు, హీటరు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. కానీ జాలీ మీద పూర్తి 230 వోల్టులు ఉంటాయి. తడి కాళ్లతో బాలింతో, పాకే పిల్లో దాన్ని తాకితే ఆగిపోయిన దారి వారి ఒంట్లోంచి తెరుచుకుంటుంది. మన చౌడు నేలల్లో, తీరం ఊళ్లలో ఎర్త్ గుంతలోని జీఐ పైపు, దాని మీది క్లాంపు ఉప్పుకు తినేసి ఉండటం మామూలే కనుక, మూడు పిన్నుల ప్లగ్గు ఉందంటే ఎర్త్ ఉన్నట్టేనని అనుకోవడానికి వీల్లేదు.

అపోహ: ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది, దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇళ్లలో పెట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఫేజులో వెళ్లిన కరెంటుకు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటుకు తేడా రాగానే క్షణంలో పడుతుంది. పై హీటరును ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో పెడితే కాయిల్ ఎర్రబడే వ్యవధి కూడా ఉండదు. కాబట్టి సగం కాయిల్ తీరిగ్గా వెలగడాన్ని కళ్లారా చూశారంటే, కాయిల్ బాడీకి తగల్లేదని అయినా అర్థం, ఆ లైన్‌కు పనిచేసే ఆర్‌సీసీబీ లేదని అయినా అర్థం. కాయిల్ బాగా వేడెక్కాకే ఆర్‌సీసీబీ పడుతుంటే, వేడికి సాగిన చుట్టు కిందికి జారి రేకును తాకుతోందేమో చూడాలి. చల్లారాక మీటరుకు ఆ తప్పు దొరకకపోవచ్చు.

అపోహ: స్విచ్ మారిస్తే బాగైపోతుంది.

వాస్తవం: స్విచ్ వల్ల ఒక రాడ్డు మొత్తంగా వెలగకపోవచ్చు, ఆగి ఆగి వెలగవచ్చు, చిటపట చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన రావచ్చు. రాడ్డులో సగాన్ని మాత్రం స్విచ్ ఆర్పలేదు. ఆన్‌లో ఉన్న స్విచ్ రెండు కొసల మధ్య ఒక ఓమ్ కన్నా ఎక్కువ చూపితే దాన్ని మార్చాల్సిందే. స్విచ్ ఆపి ఉన్నా హీటరు ప్లగ్గులో ఉన్నంతసేపూ ఆర్‌సీసీబీ పడుతుంటే, న్యూట్రల్ వైపు తీగ బాడీకి తగిలిందేమో వెతకాలి. గోడ ప్లగ్గులో ఫేజు, న్యూట్రల్ తారుమారైన పాత ఇళ్లలో హీటరు స్విచ్ ఆపినా కాయిల్ మీద ఫేజు ఉంటుంది. అందుకే స్విచ్ ఆపి జాలీ విప్పకూడదు, ప్లగ్గు ఊడదీసే విప్పాలి.

అపోహ: తెగిన కొసలను మెలిపెడితే మరో సీజను నడుస్తుంది.

వాస్తవం: మెలిపెట్టిన చోట తీగ గుల్లబారి, మరింత వేడెక్కి మళ్లీ అక్కడే తెగుతుంది. ఈసారి ఏ రేకు మీద పడుతుందో మన చేతిలో ఉండదు. అదే వాట్ల కొత్త రాడ్డు వేసి, కొసల దగ్గర పగిలిన పింగాణీ పూసలను, మైకా వాషర్లను కూడా మార్చాలి. ఆ తర్వాత ఎర్త్ పిన్నుకు, బాడీకి మధ్య నిరోధం ఒక ఓమ్ లోపే ఉందని చూసుకోవాలి. మల్టీమీటరు చిన్న బ్యాటరీతో కొలుస్తుంది కనుక అది చూపలేని లీకేజీ ఉండవచ్చు. అందువల్ల ఎక్కువ వోల్టేజీతో లీకేజీని పట్టే 500 వోల్టుల మెగ్గరుతో ఫేజు, న్యూట్రల్ పిన్నులను కలిపి, వాటికి ఎర్త్ పిన్నుకు మధ్య కొలిచి, కనీసం ఒక మెగా ఓమ్ వచ్చాకే హీటరును ఇంటివారికి తిరిగి ఇవ్వాలి.