ఆరో మనిషి వస్తే 122 సంబంధాలు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి?

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న ఒక తమ్ముడు మొన్న అడిగాడు, "అన్నా, ఒక ఆఫీసర్ కింద అయిదుగురుంటే 100 సంబంధాలంట, ఆరుగురుంటే 222 అంట, ఒక్క మనిషి పెరిగితే 122 ఎలా పెరుగుతాయి, ఇది ప్రింటింగ్ మిస్టేకా?" అని. మిస్టేక్ కాదు తమ్ముడూ. కానీ కోచింగ్‌లో ఆ టేబుల్ బట్టీ పట్టిస్తారు తప్ప ఎలా లెక్కపెట్టారో చెప్పరు, అదే నాకు మండుద్ది. విషయం పర్యవేక్షణ పరిధి, అంటే ఒక పైవాడు ఎంతమందిని నేరుగా చూసుకోగలడన్నది. మిగతా నిర్వచనాలు నీ మెటీరియల్లో ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా, నేరుగా లెక్కలోకి పోదాం.

ఈ లెక్క వేసినాయన గ్రైకునాస్, లిథువేనియా వాళ్ళ మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్, 1933లో ఒక చిన్న పేపర్‌గా వచ్చింది. దీన్ని పెళ్ళి వంటల దగ్గర పెట్టి చూడు. వంటమేస్త్రీ కింద ఇద్దరే ఉన్నారు, రాజు, లక్ష్మి. మేస్త్రీ రాజుతో మాట్లాడటం ఒకటి, లక్ష్మితో మాట్లాడటం ఒకటి, రెండయ్యాయి. రాజు లక్ష్మిని ఉల్లిపాయలు అడగటం, లక్ష్మి రాజుని మంట తగ్గించమనటం, ఇంకో రెండు. ఇక్కడిదాకా ఎవరైనా లెక్కేస్తారు. గ్రైకునాస్ పట్టుకుంది ఇంకొకటి: లక్ష్మి పక్కనుండగా మేస్త్రీ రాజుని "సాంబార్లో ఉప్పెవడేశాడ్రా" అని తిట్టడం వేరు, రాజు చూస్తుండగా లక్ష్మిని అదే మాట అనడం వేరు. తిట్టు ఒకటే, కానీ సాయంత్రందాకా ముఖం మాడ్చుకునే మనిషి మారిపోతాడు. ఈ రెండూ కలిపితే మొత్తం ఆరు. ఇద్దరు మనుషులకే!

ఇప్పుడు అయిదుగుర్ని పెట్టు. విడివిడిగా 5. ఒకళ్ళతో ఒకళ్ళు, అయిదుగురికీ తలా నలుగురు, 20. మిగిలింది పక్కన ఎవరున్నారన్న గొడవ. మేస్త్రీ రాజుతో మాట్లాడేటప్పుడు మిగతా నలుగురిలో ప్రతి ఒక్కరూ అక్కడ ఉండొచ్చు లేకపోవచ్చు, అంటే 2ని నాలుగుసార్లు గుణిస్తే 16 రకాలు, అందులో ఎవరూ లేని రకం ఒకటి ముందే లెక్కపెట్టాం కాబట్టి 15. ఇలా అయిదుగురికీ 75. మొత్తం 100. ఆరోవాడు రాగానే ఆ 16 కాస్తా 32 అయి కూర్చుంటుంది, 31ని ఆరుతో గుణిస్తే 186, దానికి 6, 30 కలుపు, 222. పెరుగుదలంతా దాదాపు ఆ "పక్కన ఎవరున్నారు" దగ్గరే ఉంది, ఎందుకంటే అది మనిషికోసారి రెట్టింపు అవుతుంది. మిగతావి మెల్లగానే పెరుగుతాయి. ఫార్ములా ఇది:

```
N = n(2^(n-1) + n - 1)
```

ఎనిమిది వేసి చూడు, 1080 వస్తుంది.

ఈ లెక్క చూపించే, ఒక పెద్దాఫీసర్ కింద అయిదారుగురికి మించి ఉండకూడదన్నారు. అంతకుముందే 1921లో బ్రిటిష్ జనరల్ హామిల్టన్ కూడా సైన్యం అనుభవంతో మూడు నుంచి ఆరు అన్నాడు. ఆ తర్వాత ఆ అంకె ఇంటిమెట్లు బేసిసంఖ్యలో ఉండాలన్నంత గట్టిగా పాతుకుపోయింది. ఎందుకు అని అడిగితే పుస్తకంలో ఉంది అంటారు.

నిజానికి ఆ ఫార్ములా లెక్కపెట్టేది ఉండే అవకాశమున్న సంబంధాల్ని, రోజూ జరిగేవాటిని కాదు. అయిదుగురు క్లర్కులు ఎవరి కౌంటర్ వాళ్ళు చూసుకుంటుంటే ఆ 100లో సూపర్‌వైజర్ నెత్తికెక్కేవి ఏ పదో ఉంటాయి. పైగా అన్నిటికీ ఒకే బరువు, ఉల్లిపాయలు అడగటానికీ ఉప్పు తగాదాకీ తేడా లేదు. అందుకే ఈ సూత్రాన్ని ఊరూరా ప్రచారం చేసిన బ్రిటిష్ మేనేజ్‌మెంట్ రచయిత ఉర్విక్ కూడా "ఒకరి పని ఇంకొకరి పనితో ముడిపడి ఉంటేనే" అని ఒక షరతు పెట్టాడు, మన గైడ్లలో ఆ షరతు ఎగిరిపోయింది. అమెరికాలో సియర్స్ దుకాణాల్లో ఒక్క మేనేజర్ కింద ముప్పైమందికి పైగా డిపార్ట్‌మెంట్ మేనేజర్లుండేవాళ్ళని ఆ కంపెనీలోనే పనిచేసిన వర్దీ 1950లో రాశాడు. అంతమంది ఉంటే పైవాడికి వేలుపెట్టే తీరిక ఉండదు, కిందవాళ్ళు సొంతంగా నిర్ణయాలు తీసుకుంటారు, ఆ దుకాణాలు బాగానే నడిచాయి.

అసలు దెబ్బ 1946లో అమెరికా పరిపాలనా శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ కొట్టాడు. ఈ సూత్రాలు సామెతల్లాంటివి, ప్రతిదానికీ ఎదురు సామెత ఉంటుంది అన్నాడు. నువ్వే లెక్కెయ్యి. కింద పనిచేసేవాళ్ళు 4096 మంది. తలా నలుగుర్ని చూసుకోవాలంటే 1024, 256, 64, 16, 4, 1, అంటే ఆరు అంతస్తుల్లో 1365 మంది పైవాళ్ళు. తలా ఎనిమిదిమందైతే నాలుగు అంతస్తులు, 585 మంది చాలు. పరిధి ఇరుకు చేస్తే నిచ్చెన పొడుగవుతుంది, నిచ్చెన తగ్గించమంటే పరిధి వెడల్పవుతుంది. రెండూ మంచి సూత్రాలే, రెండూ ఒకేసారి కావాలంటే మాత్రం కుదరదు.

నిచ్చెన పొడుగైతే ఏమవుద్దో ఫేయాల్ 1916లోనే చూపించాడు. ఆయన ఫ్రాన్సులో గనుల ఇంజినీరు, పెద్ద కంపెనీ నడిపినవాడు. ఆయన బొమ్మలో పైన A, ఒకవైపు B, C, D, E, F కిందికి దిగుతాయి, ఇంకోవైపు L, M, N, O, P. Fకి Pతో పని పడింది. శ్రేణి ప్రకారం కాగితం అయిదు మెట్లెక్కి Aకి చేరి అయిదు మెట్లు దిగాలి, జవాబు మళ్ళీ అలాగే, మొత్తం ఇరవై కదలికలు. ఒక్కో బల్ల మీద రెండ్రోజులు ఆగితే నలభై రోజులు. అందుకని ఆయన అడ్డంగా ఒక చెక్క వేశాడు, F, P నేరుగా మాట్లాడుకోవచ్చు, కానీ తమ పైవాళ్ళు E, O ఒప్పుకోవాలి, తేల్చుకున్నది వాళ్ళకి వెంటనే చెప్పాలి. కుదరకపోతే మళ్ళీ నిచ్చెనే.

నాకు బాగా నచ్చింది ఇక్కడే. గ్రైకునాస్ పైవాడి భారం కింద రాసుకున్న ఆ "ఒకళ్ళతో ఒకళ్ళు" సంబంధాల్లాంటివే ఫేయాల్ దగ్గర భారం దింపే చెక్క అయ్యాయి. రాజు లక్ష్మినే అడిగి ఉల్లిపాయలు తెచ్చుకుంటే మేస్త్రీకి ఒక పని తగ్గింది కదా! అది ఎందుకు భారం లెక్కలో పడాలి? వాళ్ళిద్దరికీ కుదరనప్పుడే అది మేస్త్రీ దాకా వస్తుంది.

ఇక ఒకరికి ఒకే బాస్ అన్న సూత్రం. దీనిమీద ఫేయాల్ చాలా గట్టిగా ఉన్నాడు, ఒక పనివాడి మీద ఎనిమిదిమంది ఫోర్‌మన్లని పెట్టమన్న అమెరికా ఇంజినీరు టేలర్ పద్ధతిని ఆయన ఒప్పుకోలేదు. ఆయన బాధ నాకు తెలుసు. ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేసినప్పుడు హాజరు పట్టిక రోల్ నంబర్ల ప్రకారం కావాలని ఒక సారు, ఫీజు కట్టినవాళ్ళు ముందుండాలని ఇంకో సారు, నేను రెండు రిజిస్టర్లు రాసేవాణ్ణి, నెలాఖరుకి రెండింట్లోనూ అంకెలు వేరేగా వచ్చి ఇద్దరి దగ్గరా తిట్లు తిన్నా. కానీ సైమన్ ప్రశ్న కూడా న్యాయమైనదే: స్కూళ్ళ శాఖలో ఉన్న అకౌంటెంట్‌కి విద్యాధికారి ఒక్కడే బాస్ అయితే పద్దులు ఎలా రాయాలో ఆర్థికశాఖ నేరుగా చెప్పకూడదా? చెప్పాల్సిందే. అందుకే సైమన్ ఈ సూత్రాన్ని చిన్నది చేశాడు, ఆదేశాలు ఇద్దరినుంచి రావొచ్చు, రెండూ కొట్టుకున్నప్పుడు ఎవరి మాట నెగ్గాలో మాత్రం ముందే తేల్చి ఉండాలని. నా రెండు రిజిస్టర్ల గొడవలో లేనిది సరిగ్గా అదే, ఆ ఇద్దరు సార్లలో ఎవరు పెద్దో ఎవరూ చెప్పలేదు.

తమ్ముడూ, పరీక్షలో అడిగితే 222 అనే పెట్టు.