ఎకరం ఇచ్చి 1450 గజాలు: అమరావతి పూలింగ్ వెనక కథ

అమరావతిలో రెండో విడత ల్యాండ్ పూలింగ్, అంటే భూమి ఇచ్చి డబ్బు బదులు డెవలప్ చేసిన ప్లాటు తీసుకునే పద్ధతి, మొదలయ్యాక ఆ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు అడుగుతున్న ప్రశ్న ఒకటే, ఇవ్వాలా వద్దా అని. దానికి జవాబు నేను చెప్పలేను కానీ, మొదటి విడతలో భూమి ఇచ్చినవాళ్ళకి పదేళ్ళలో ఏం జరిగిందో, అసలు ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో, రిస్క్ ఎవరి నెత్తిన పడుతుందో తెలిస్తే ఎవరి నిర్ణయం వాళ్ళు తీసుకోవచ్చు కదా, అందుకే ఇది రాస్తున్నా.

పూలింగ్ మన దగ్గర పుట్టింది కాదు. 1915 లోనే బాంబే టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది, తర్వాత గుజరాత్ 1976 లో సొంత చట్టం చేసుకుని దాన్ని బాగా వాడింది, అహ్మదాబాద్ చుట్టూ చాలా ఏరియాలు అలాగే పెరిగాయి. అక్కడ పద్ధతి ఏంటంటే, ఊరి పక్కన కొంత ఏరియా తీసుకుని, వంకర టింకరగా ఉన్న పొలాలన్నీ కలిపి, రోడ్లకీ పార్కులకీ స్కూళ్ళకీ కొంత కోసేసి, మిగతాది సరైన ఆకారంలో మళ్ళీ ఓనర్లకే ఇస్తారు. మామూలుగా సగం కంటే ఎక్కువే తిరిగొస్తుంది, అదీ వీలైనంత వరకు పాత పొలం ఉన్నచోటే, లేదా దాని పక్కన. నగరం అప్పటికే అటువైపు వచ్చేస్తూ ఉంటుంది కాబట్టి రోడ్డు పడగానే స్థలానికి రేటు వస్తుంది. అంటే అక్కడ పూలింగ్ అనేది వస్తున్న నగరానికి దారి సర్దడం అన్నమాట. లేని నగరాన్ని కొత్తగా పుట్టించడానికి పెట్టిన పద్ధతి కాదది.

అమరావతిలో ఇదంతా మారిపోయింది. 2014 లో రాష్ట్రం విడిపోయాక సొంత రాజధాని లేదు, ఖజానాలో డబ్బు లేదు. కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ ఆ ఏడాది ఆగస్టులో రిపోర్టు ఇచ్చింది, ఒకేచోట పెద్ద రాజధాని వద్దు, విజయవాడ గుంటూరు మధ్య పంట భూములు పోతాయి అని గట్టిగానే చెప్పింది. ప్రభుత్వం మాత్రం అక్కడికే వెళ్ళింది. మామూలుగా అయితే 2013 భూసేకరణ చట్టం ప్రకారం తీసుకోవాలి, అంటే సామాజిక ప్రభావ అంచనా చేయాలి, పరిహారం చేతికివ్వాలి, పునరావాసం చూపించాలి, దానికి టైమూ డబ్బూ రెండూ కావాలి. ఆ రెండూ లేవు కాబట్టి 2014 డిసెంబర్లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే సీఆర్‌డీఏ చట్టం చేసి, 2015 జనవరిలో పూలింగ్ రూల్స్ తెచ్చారు. భూమి ఇవ్వండి, డబ్బు బదులు డెవలప్ చేసిన ప్లాటు తీసుకోండి అన్నారు.

కొన్ని నెలల్లోనే సుమారు 34 వేల ఎకరాలు వచ్చేశాయి, ఇచ్చినవాళ్ళు 28 వేల మందికి పైనే. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే సగటున ఒక్కొక్కరిది ఎకరం పావు కూడా లేదు. పెద్ద భూస్వాములు ఇచ్చిన భూమి అని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువమంది ఉన్న ఆ కొంచెమూ ఇచ్చేసిన వాళ్ళే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఎకరం అంటే 4840 చదరపు గజాలు. మెట్ట భూమికి ఎకరానికి 1000 గజాల రెసిడెన్షియల్, 250 గజాల కమర్షియల్ ప్లాటు. జరీబు భూమికి, అంటే కృష్ణ పక్కన నీళ్ళు పైనే ఉండి ఏడాదంతా పంట వచ్చే నేలకి, 1000 ప్లస్ 450. అంటే మెట్టకి పావు వంతు కంటే కాస్త ఎక్కువ, జరీబుకి సుమారు 30 శాతం తిరిగొస్తుంది. గుజరాత్‌లో సగం పైన, ఇక్కడ పావు నుంచి ముప్పై శాతం. మిగతాది రోడ్లకీ పార్కులకీ ప్రభుత్వ భవనాలకీ పోగా ఇంకా మిగిలే భూమి ప్రభుత్వం చేతిలో ఉంటుంది, దాన్ని అమ్మో లీజుకిచ్చో నగరం కట్టాలని ప్లాన్. కాబట్టి నగరానికి పెట్టుబడి ఎవరు పెట్టారయ్యా అంటే రైతులే పెట్టారు, కాకపోతే దానికి షేర్ సర్టిఫికెట్ బదులు ప్లాటు కాగితం వచ్చింది.

ప్లాటు వచ్చేదాకా బతకడానికి కౌలు అని ఏటా డబ్బు ఇస్తామన్నారు. మెట్టకి ఎకరానికి 30 వేలు, ఏటా 3 వేలు పెరుగుతుంది, జరీబుకి 50 వేలు, ఏటా 5 వేలు పెరుగుతుంది, పదేళ్ళు. ఎకరం జరీబు ఇచ్చిన ఒక ఇల్లు అనుకుందాం. మొదటి ఏడాది 50 వేలు, పదో ఏడాది 95 వేలు, పదేళ్ళు కలిపితే 7 లక్షల 25 వేలు. మెట్ట రైతుకి అదే లెక్కన 4 లక్షల 35 వేలు. నెలకి చూస్తే జరీబు రైతుకి మొదటి ఏడాది 4 వేల చిల్లర. సొంత పొలంలో కూరగాయలో అరటో వేసుకుని, ఇంట్లోవాళ్ళంతా అందులోనే పని చేసుకునే కుటుంబానికి ఇది ఆదాయం కాదు, ప్లాటు వచ్చేదాకా ఎదురుచూడ్డానికి ఇచ్చే ఖర్చు. ఆ ఎదురుచూపు మూడేళ్ళే అయితే సరిపోయేదేమో, రూల్స్‌లో కూడా ప్లాట్ల డెవలప్‌మెంట్‌కి రాసుకుంది దాదాపు అంతే.

అసలు విషయం నా దృష్టిలో కాగితాల దగ్గర ఉంది. రైతు ముందు ఫారం 9.3 ఇస్తాడు, అది పూలింగ్‌లో చేరతానని ఒప్పుకోలు. తర్వాత ఫారం 9.14 మీద సంతకం పెడతాడు, దాని పేరు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ ఇర్రివోకబుల్ జీపీఏ. జీపీఏ అంటే మన బదులు పని చేసే అధికారం వేరేవాళ్ళకి ఇచ్చే కాగితం, ఇర్రివోకబుల్ అంటే వెనక్కి తీసుకోడానికి వీల్లేనిది. ఆ సంతకంతో భూమిని డెవలప్ చేసే అధికారం మొత్తం అవతలికి వెళ్ళిపోతుంది. తర్వాత పొలం గట్లు చదును చేస్తారు, బోరు పోతుంది, సరిహద్దు రాళ్ళు పోతాయి, పదిమంది పొలాలు కలిసిపోయి ఒక రోడ్డో ఒక ప్రభుత్వ బ్లాకో అవుతాయి. ఆ తర్వాత నా పొలం నాకిచ్చేయండి అన్నా, ఇవ్వడానికి ఆ పొలం ఉండదు. రైతు తన వంతు మొదటి రోజే పూర్తిగా చేసేశాడు, ప్రభుత్వం వంతు మాత్రం ఏళ్ళ తరబడి ముక్కలు ముక్కలుగా చేయాల్సింది, అది ఆగిపోతే ఏంటి అన్నదానికి రైతు చేతిలో తాళం చెవి లేదు.

2016 నుంచి కంప్యూటర్ లాటరీలో ప్లాట్లు ఇచ్చారు. సాధ్యమైనంత వరకు సొంత ఊరి పరిధిలోనే వచ్చాయి కానీ పాత పొలం ఎక్కడుందీ ప్లాటు ఎక్కడొచ్చిందీ రెండిటికీ సంబంధం లేదు, మెయిన్ రోడ్డు మీద పొలం ఇచ్చినాయనకి లోపలి వీధిలో రావచ్చు, వీధిపోటు ప్లాటు రావచ్చు. వీధిపోటు అంటే తేలిగ్గా తీసుకోవద్దు, అమ్ముకునేటప్పుడు కొనేవాడు చూసేది ముందు అదే. ఇక ప్లాటు కాగితం చేతికొచ్చినా, అక్కడికి వెళ్ళి ఇదీ నా ప్లాటు అని చూపించాలంటే రోడ్డూ డ్రైనేజీ కరెంటు ఉండాలి కదా, చాలాచోట్ల అవి లేవు.

2019 డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది, ఆ వెంటనే రైతులు రోడ్డెక్కారు. 2020 లో సీఆర్‌డీఏ చట్టాన్నే రద్దు చేస్తూ చట్టం చేశారు, 2021 నవంబర్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు, కానీ పనులు మాత్రం జరగలేదు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు రైతులవైపు వచ్చింది, భూమి తీసుకుని ఒప్పందం చేసుకున్నాక ప్రభుత్వం మధ్యలో వదిలేసి పోవడానికి వీల్లేదు, ప్లాట్లు మూడు నెలల్లో డెవలప్ చేసి ఇవ్వండి, నగరం ఆరు నెలల్లో కట్టండి అంది. అదే ఏడాది నవంబర్లో సుప్రీంకోర్టు ఆ గడువుల మీద స్టే ఇచ్చింది. ఈలోపు కౌలు డబ్బులు కూడా టైముకి పడక రైతులు వాటి కోసం మళ్ళీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. పొలాలున్న చోట ముళ్ళ కంప మనిషి ఎత్తున పెరిగింది, ఎంతంటే 2024 లో పనులు మళ్ళీ మొదలుపెట్టాలంటే ముందు జంగిల్ క్లియరెన్స్‌కే టెండర్ పిలవాల్సి వచ్చింది. పత్తి పండిన నల్లరేగడి అది.

ఇక్కడ చాలామంది వాదన పార్టీల మీదకి వెళ్ళిపోతుంది, ఆ ప్రభుత్వం తప్పా ఈ ప్రభుత్వం తప్పా అని. ఎవరి తప్పైనా రైతు వైపు నుంచి చూస్తే ఒకటే కనిపిస్తుంది, ప్లాటు విలువ మొత్తం నగరం వస్తుందా రాదా అన్నదాని మీదే ఉంది, నగరం మాత్రం ఐదేళ్ళకోసారి జరిగే ఎన్నికల మీద ఉంది. 2019 తర్వాత రేట్లు పడిపోయాయి, పెళ్ళికో చదువుకో వైద్యానికో ఆ టైములో ప్లాటు అమ్ముకోవాల్సి వచ్చినవాళ్ళు నష్టానికే అమ్ముకున్నారు, ఆగగలిగిన వాళ్ళకి 2024 తర్వాత మళ్ళీ రేటు వచ్చింది. లాభం వచ్చింది అనేవాళ్ళ మాట అబద్ధం కాదు, కాకపోతే అది ఆగగలిగే స్థోమత ఉన్నవాళ్ళకే వచ్చింది.

ఇంకో సంగతి, ఓనర్ కాని వాళ్ళది. కౌలు రైతుకి ప్లాటులో వాటా లేదు. భూమి లేని కుటుంబాలకి నెలకి 2500 పెన్షన్ అన్నారు, అది కూడా పదేళ్ళు. నాట్లకీ కోతలకీ వెళ్ళే ఆడవాళ్ళకి ఊళ్ళోనే ఉన్న పని ఒక్కసారిగా పోయింది. ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములకి కూడా మొదట పట్టా భూమి కంటే తక్కువ ప్లాటే ప్రకటించారు, ఆ భూములు ఎక్కువగా దళిత కుటుంబాలవే.

అందరూ ఇచ్చేశారు అనుకోకండి. ఉండవల్లి, పెనుమాకలో చాలామంది ఇవ్వలేదు, మల్లె, కూరగాయలు, అరటి పండే జరీబు అది, రోజూ చేతిలో డబ్బు ఆడేది. 1450 గజాల కోసం దాన్ని వదలడం వాళ్ళకి లెక్క కుదరలేదు. భూసేకరణ నోటీసులొచ్చినా కోర్టుకెళ్ళి నిలబడ్డారు. పూలింగ్ స్వచ్ఛందం అంటారు గానీ, ఇవ్వకపోతే భూసేకరణ అనే మాట పక్కనే వేలాడుతూ ఉంటే అది ఎంత స్వచ్ఛందమో ఆ రెండు ఊళ్ళ వాళ్ళనే అడగాలి.

ఇప్పుడు రెండో విడత. 2025 చివర్లో ఏడు గ్రామాల్లో 16 వేల ఎకరాలకు పైగా పూలింగ్‌కి కేబినెట్ ఒప్పుకుంది, వైకుంఠపురం, పెదమద్దూరు, వడ్డమాను, పెదపరిమి లాంటి ఊళ్ళు. గ్రామసభల్లో రైతులు అడిగింది, మొదటి విడత ప్లాట్లే పూర్తి కాలేదు కదా, మావి ఎప్పుడు అని. ఆ ప్రశ్నకి నోటి మాట జవాబు సరిపోదు. సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సింది గజాల లెక్క కంటే ముందు గడువు: ఫలానా తేదీకి రోడ్డు, నీళ్ళు, కరెంటుతో ప్లాటు ఇవ్వకపోతే ప్రభుత్వం రైతుకి ఏం కట్టాలి అని అదే ఫారంలో రాసుందా, ప్లాటు వచ్చేదాకా కౌలు ఆగదని రాసుందా, లేక పదేళ్ళకి ఆగిపోతుందని రాసుందా, ఇంట్లో ఆ డబ్బు తప్ప ఇంకేం రాకపోతే ఎన్నేళ్ళు ఆగగలరు. చివరిది ఫారంలో ఉండదు, దాన్ని ఇంట్లో కూర్చుని లెక్కేసుకోవాలి, మొదటి విడత వాళ్ళు మూడేళ్ళనుకుని పదేళ్ళు ఆగారు.