గర్భిణి ప్లేట్లో పనీర్: ఫ్రిజ్‌కి లొంగని లిస్టీరియా

కడుపుతో ఉన్నప్పుడు ఏం తినకూడదని నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేవి బ్రిటన్, అమెరికా జాబితాలే. వాటిలో ‘సాఫ్ట్ చీజ్ వద్దు’ అన్న మాట ఎక్కడో ఒకచోట ఉంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని అది చదివినవాళ్లకు బ్రీ, కామెంబెర్ల గురించి పెద్దగా దిగులుండదు. ఐదో నెల నడుస్తున్న మా మరదలు ఫోన్ చేసి అడిగింది కూడా వాటి గురించి కాదు. "వదినా, పనీర్ కూడా మెత్తగానే ఉంటుంది కదా, మానేయాలా?" అంది.

మానక్కర్లేదు. కాకపోతే ఆ పనీర్ ఎక్కడ కొన్నది, ఎన్ని రోజులది, పచ్చిగా తింటున్నారా ఉడికించి తింటున్నారా అన్నవి చూసుకోవాలి. ఎందుకు చూసుకోవాలో తెలియాలంటే ఆ జాబితాలు దేనికి భయపడుతున్నాయో తెలియాలి.

దాని పేరు లిస్టీరియా మోనోసైటోజెనెస్. మట్టిలో, నీళ్లలో, పశువుల మేతలో, పేడలో ఉండే బ్యాక్టీరియా ఇది. పాలు పితికేటప్పుడు పొదుగు నుంచో, చేతుల నుంచో, పాత్ర నుంచో పాలలోకి చేరుతుంది. తిండి ద్వారా జబ్బు తెచ్చే చాలా బ్యాక్టీరియాలు ఫ్రిజ్‌లో పెడితే దాదాపు నిద్రపోతాయి. లిస్టీరియా మాత్రం సున్నా డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఉప్పుకీ అంత తేలిగ్గా లొంగదు. డెయిరీల్లో తడిసిన నేల మీద, మురుగు కాలవల్లో, కోసే కత్తుల సందుల్లో తిష్ట వేసిందంటే వదిలించడం చాలా కష్టం.

అయితే వేడికి తట్టుకోలేదు. పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు గానీ, 63 డిగ్రీల దగ్గర అరగంట గానీ ఉంచితే చచ్చిపోతుంది. పాశ్చరైజేషన్ అంటే ఇదే. ప్యాకెట్ పాలకు ఈ పని డెయిరీలోనే అయిపోతుంది. ఆ పైన మనం ఇంట్లో పొంగేదాకా మళ్లీ కాస్తాం. కాబట్టి ప్యాకెట్ పాలైనా, గేదెల షెడ్డు నుంచి తెచ్చుకున్న పాలైనా, పొంగించి తాగినంతకాలం లిస్టీరియా టెన్షన్ అక్కర్లేదు. ఈమధ్య నగర శివార్ల ఫామ్‌ల నుంచి గాజు సీసాల్లో ‘తాజా పాలు’ ఇళ్లకు వస్తున్నాయి. వాటిలో కొన్ని పాశ్చరైజ్ చేయని పచ్చి పాలే. సీసా ఎంత అందంగా ఉన్నా, ఎంత చల్లగా వచ్చినా కాచకుండా తాగకూడదు.

ఇక గర్భిణులకే ఎందుకింత భయం? లిస్టీరియా రక్తంలో తేలుతూ తిరగడంతో ఆగదు, మన కణాల లోపలికే దూరిపోతుంది. ఒక కణంలోంచి పక్క కణంలోకి నేరుగా తోసుకుపోతుంది కాబట్టి రక్తంలోని యాంటీబాడీలకు అంతగా దొరకదు. ఇలాంటి శత్రువును పట్టుకోవాల్సిన రోగనిరోధక విభాగం గర్భంతో ఉన్నప్పుడు కొంత నెమ్మదిస్తుంది. పైగా ఇది కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయను కూడా దాటగలదు. అందుకే మిగతా జనంతో పోలిస్తే గర్భిణులకు ఈ జబ్బు వచ్చే అవకాశం సుమారు పది రెట్లు ఎక్కువని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. తల్లికి కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులతో పోవచ్చు. బిడ్డ విషయంలో మాత్రం గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు, పుట్టిన బిడ్డకు రక్తంలోనో మెదడు పొరల్లోనో ఇన్ఫెక్షన్ దాకా వెళ్లొచ్చు. అరుదైన జబ్బే. అయినా వస్తే నష్టం ఇంత పెద్దది కాబట్టే వైద్యులు చీజ్ దగ్గర అంత పట్టుబడతారు.

మన పనీర్‌కి బాగా దగ్గరగా వచ్చే ఉదంతం ఒకటుంది. 1985లో లాస్ ఏంజెలెస్‌లో 142 మందికి లిస్టీరియా సోకింది. వాళ్లలో 93 కేసులు గర్భిణులవీ, వాళ్ల బిడ్డలవీ. కడుపులోని పిండాలు, పసికందులు కలిపి 30 ప్రాణాలు పోయాయి, పెద్దవాళ్లు మరో 18 మంది చనిపోయారు. కారణం మెక్సికన్ తరహా తాజా చీజ్. తెల్లగా, మెత్తగా, తేమగా ఉండే దాన్ని మాగబెట్టకుండానే తింటారు. చూడ్డానికి పనీర్‌కి అక్కో చెల్లెలో అనిపిస్తుంది. పాశ్చరైజ్ చేసిన పాలలో పచ్చి పాలు కలవడమే ఇందుకు కారణమై ఉంటుందని దర్యాప్తులో తేలింది.

మరి పనీర్? పాలను 80, 90 డిగ్రీల దాకా వేడిచేసి, నిమ్మరసమో సిట్రిక్ యాసిడో వేసి విరగ్గొడతారు. ఆ క్షణంలో అందులో లిస్టీరియా బతికి ఉండే అవకాశం లేదు. పనీర్‌కి పచ్చి పాల సమస్య లేదు, దాని సమస్యంతా ఆ తర్వాతే మొదలవుతుంది. గుడ్డలో వడకట్టాలి, బరువు పెట్టి నొక్కాలి, చన్నీళ్లలో ముంచాలి, కత్తితో కోయాలి, కొట్లో నీళ్ల టబ్బులో ఉంచాలి. ఆ గుడ్డ, ఆ నీళ్లు, ఆ కత్తి, ఆ చెయ్యి, వీటిలో ఏ ఒక్కటి మురికిగా ఉన్నా బ్యాక్టీరియా మళ్లీ ఎక్కుతుంది. ఎక్కితే దానికి అక్కడ అన్నీ అనుకూలమే. పనీర్‌లో సగానికి పైగా నీళ్లే. పులుపూ తక్కువ. పులుపు పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత ఇందులో ఐదున్నర దగ్గర్లో ఉంటుంది. లిస్టీరియా పెరుగుదల ఆగాలంటే పీహెచ్ దాదాపు 4.4 కన్నా కిందికి దిగాలి. బాగా తోడుకున్న పెరుగు ఆ చుట్టుపక్కలకు చేరుతుంది, పనీర్ చేరదు.

ఒక లెక్క వేసి చూద్దాం. శ్రీమంతం కోసమని శనివారం స్వీట్ షాపులో కిలో పనీర్ విడిగా తూయించుకున్నారు. ముప్పావు కిలో కూరలోకి పోయింది. మిగిలిన పావు కిలో డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పడేశారు. శుక్రవారం సాయంత్రం ఆకలేసి, ఆ ముక్కల మీద కాస్త ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని పచ్చిగానే తిన్నారు. మధ్యలో ఆరు రోజులు, అంటే 144 గంటలు గడిచాయి. కొట్లో కత్తి నుంచి ఆ ముక్కకు ఓ వంద లిస్టీరియా కణాలు అంటాయనుకుందాం. పాలలో చేసిన ప్రయోగాల ప్రకారం 4 డిగ్రీల దగ్గర ఇవి రెట్టింపు కావడానికి ముప్పై నుంచి నలభై ఐదు గంటలు పడుతుంది. 36 గంటలకొకసారి అనుకుంటే ఆరు రోజుల్లో నాలుగుసార్లు రెట్టింపై 1,600 అవుతాయి. అదే ఫ్రిజ్ 8 డిగ్రీల దగ్గర ఉంటే రెట్టింపుకు పట్టేది పన్నెండు గంటలు. అప్పుడు పన్నెండుసార్లు రెట్టింపవుతాయి, వంద కాస్తా నాలుగు లక్షలు దాటుతుంది.

పనీర్ మీద ఈ అంకెలు అచ్చంగా ఇలాగే ఉండకపోవచ్చు. కానీ నాలుగు డిగ్రీల తేడాకి అంతరం ఎంత పెరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపు అరలో, ఏప్రిల్ మే ఎండల్లో, కరెంటు పోయి వచ్చే రోజుల్లో 8 డిగ్రీలు పెద్ద వింతేం కాదు. వాసన చూస్తే తెలుస్తుంది కదా అనుకుంటాం గానీ లిస్టీరియా ఉన్న పనీర్ పులిసిపోదు, జిగురెక్కదు, వాసనా రాదు. ముక్కుతో పట్టుకోలేం.

అదే పావు కిలోని శుక్రవారం పాలకూరలో వేసి, ముక్క మధ్యదాకా పొగలు కక్కేలా ఉడికిస్తే ఆ నాలుగు లక్షలూ అక్కడితో సరి. మా మరదలికి చెప్పిందీ ఇదే: పేరున్న కంపెనీ సీలు ప్యాకెట్ కొను, తేదీ చూడు, తెరిచాక రెండు రోజుల్లో వాడెయ్, ఎప్పుడైనా ఉడికించే తిను. విడి పనీర్ సలాడ్‌లో పచ్చిగా వద్దు. పనీర్ బటర్ మసాలాకి నా అభ్యంతరమేమీ లేదు. టిక్కా అయితే పైన మాడి లోపల చల్లగా ఉండే ముక్కలుంటాయి, ఒకటి విరిచి చూసుకోవాలి.

ఈ లెక్కనే మిగతావాటికీ వేసి చూడొచ్చు. జూబ్లీహిల్స్ కేఫేల్లో చీజ్ బోర్డు మీద కనిపించే బ్రీ, కామెంబెర్ల పైన తెల్లటి బూజు పొర ఉంటుంది. ఆ బూజు మాగుతున్నకొద్దీ చీజ్‌లోని పులుపును తినేస్తుంది, దాంతో ఆ పొర దగ్గర పీహెచ్ ఏడు దాకా ఎక్కుతుంది. లిస్టీరియాకు అంతకన్నా ఏం కావాలి? అందుకే పాశ్చరైజ్ చేసిన పాలతో చేసినా సరే వీటినీ, మెత్తటి బ్లూ చీజ్‌నీ గర్భిణులు చల్లగా తినొద్దని బ్రిటన్ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. పొగలొచ్చేలా వండితే మాత్రం ఫర్వాలేదంటుంది. చెడ్డార్, పార్మెజాన్ లాంటి గట్టి చీజ్‌లలో తేమ తక్కువ కాబట్టి భయం తక్కువ. ప్రాసెస్డ్ చీజ్ ముక్కల్ని తయారీలోనే మళ్లీ వేడిచేసి కరిగిస్తారు. పిజ్జా మీద మోజరెల్లా పొయ్యిలోనే మరుగుతుంది. ఫెటా, క్రీమ్ చీజ్, బురాటాలకు లేబుల్ మీద పాశ్చరైజ్డ్ అని ఉండాలి. లేబుల్ కనిపించని హోటల్లో వెయిటర్‌ని అడగడానికి మొహమాటం వద్దు. అతనికి తెలియకపోతే ఆ పూట వదిలేయండి.

మన వంటింటి వస్తువుల్లో కాచిన పాలతో తోడేసిన పెరుగు, మజ్జిగ, నెయ్యి నిశ్చింతగా తినొచ్చు. కోవా బాగా మరిగి తయారవుతుంది గానీ పనీర్‌లాగే తర్వాత చేతులు మారుతుంది, కాబట్టి తాజాది చూసుకోవాలి. ఖుబానీ కా మీఠా మీద వేసే మీగడా అంతే. జున్ను గురించి చాలామంది అడుగుతారు. జున్ను పాలు పచ్చివే, వాటిని పొంగించరు కూడా. కానీ ఆవిరి మీద గడ్డకట్టేదాకా ఉడుకుతాయి. మధ్యలో చాకు గుచ్చితే పాలు అంటకుండా రావాలి. నడిమధ్య ఇంకా జారుగా ఉంటే అక్కడికి వేడి చేరలేదన్నమాట, మళ్లీ పొయ్యెక్కించాలి.

ఇవేవీ తెలియక ఆల్రెడీ తినేశారనుకోండి. ఏ లక్షణాలూ లేకపోతే పరీక్షలు, మందులు అక్కర్లేదు, తిన్న ప్రతిసారీ జబ్బు రాదు. అయితే తిన్న వారానికే కాదు, రెండు నెలలకు కూడా బయటపడవచ్చు. ఆ లోపు 101 దగ్గర జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఫలానా చీజ్ తిన్నానని మీరే చెప్పాలి. వానాకాలంలో ఇక్కడ జ్వరమంటే ముందు డెంగీ, టైఫాయిడ్ పరీక్షలే చేయిస్తారు, అది సహజమే. లిస్టీరియాను పట్టేది మాత్రం రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే బ్లడ్ కల్చర్. మరో చిక్కు కూడా ఉంది. టైఫాయిడ్‌కి విరివిగా వాడే సెఫిక్సిమ్, ఆ కోవకే చెందిన ఇతర సెఫలోస్పోరిన్ మందులు లిస్టీరియా మీద పనిచేయవు. దీనికి వాడేది ఆంపిసిలిన్, అదీ ఆసుపత్రిలో నరం ద్వారా ఎక్కించాలి. ఇంట్లో పాత చీటీ చూసి సెఫిక్సిమ్ కోర్సు మొదలుపెడితే లిస్టీరియాకు ఏమీ కాదు, పైగా అసలు మందు పడడం ఆలస్యమవుతుంది.