ఏడు గంటల తేడా: వార్షిక జీతం గంట రేటుగా ఎలా మారింది

నెల జీతానికి పనిచేసే మనిషిని ఒక శనివారం అదనంగా రమ్మంటే ఆ రోజుకు ఎంత ఇవ్వాలి? ఏడాది జీతాన్ని ఏడాది పని గంటలతో భాగిస్తే గంట రేటు వస్తుంది. జీతం ఎంతో పత్రంలో రాసే ఉంటుంది. తగాదా అంతా దాన్ని ఎన్ని గంటలతో భాగించాలన్న దగ్గరే వస్తుంది. ఈ ప్రశ్నకు దశాబ్దాల తరబడి చట్టాలు మార్చుకుంటూ జవాబు వెతికిన ఉదాహరణ అమెరికా ప్రభుత్వోద్యోగుల జీతాల లెక్క.

వారానికి 40 గంటలన్నది మొదటి నుంచీ ఉన్న లెక్క కాదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో పని రోజుకు 8, వారానికి 48 గంటలు మించకూడదని చెప్పింది. అమెరికాలో 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టం వారానికి 44 గంటలతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా దిగి, 1940 అక్టోబరుకు 40కి చేరింది. ఆ పైన చేసే ప్రతి గంటకూ మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలంది. మరి జీతగాడికి ‘మామూలు రేటు’ ఏది? 1942లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మిస్సెల్ కేసులో ఉద్యోగికి వారం జీతం స్థిరం, పని గంటలకు మాత్రం హద్దు లేదు. అలాంటి చోట జీతాన్ని ఆ వారం నిజంగా చేసిన గంటలతో భాగించాలని కోర్టు చెప్పింది. చిక్కల్లా అక్కడే ఉంది. ఎక్కువ గంటలు పనిచేసిన కొద్దీ భాగించే సంఖ్య పెరిగి, గంట రేటు పడిపోతుంది. 40 గంటల వారంలో 1,200 జీతమంటే గంటకు 30. అదే జీతానికి 60 గంటలు చేయిస్తే గంటకు 20. మనిషి ఎంత అలసిపోతే గంట అంత చవక అన్నమాట. అందుకే పని పెరిగినా తగ్గినా కదలని ఒక ప్రామాణిక సంఖ్యను ముందే ఒప్పుకోవడం ఉద్యోగికి రక్షణ అని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రభుత్వోద్యోగులకు 1945 నాటి జీతాల చట్టం ఆ సంఖ్యను 2,080గా తీసుకుంది. ఏడాదికి 52 వారాలు, వారానికి 40 గంటలు, గుణిస్తే 2,080. నోటి లెక్కకు తేలిక, రెండు వారాలకోసారి జీతమిచ్చే పద్ధతికీ అతికినట్టు సరిపోతుంది. లోపం ఒక్కటే. 52 వారాలంటే 364 రోజులు. ఏడాదికేమో 365, లీపు సంవత్సరమైతే 366. మిగిలిపోయే ఆ ఒకటి రెండు రోజులు వారం మధ్యలో పడితే అవీ పనిదినాలే.

క్యాలెండర్ తీసి లెక్కపెడితే ఇది కళ్ల ముందే కనిపిస్తుంది. 2023 ఆదివారంతో మొదలై ఆదివారంతోనే ముగిసింది. సోమవారం నుంచి శుక్రవారం వరకు వచ్చే రోజులు 260, అంటే సరిగ్గా 2,080 గంటలు. 2024 లీపు సంవత్సరం, సోమవారంతో మొదలైంది. అందులో 262 రోజులు, 2,096 గంటలు. 2025లో 261 రోజులు, 2,088 గంటలు. వరసగా మూడేళ్లు, మూడు వేర్వేరు సంఖ్యలు.

మరి ఏది న్యాయం? 1981లో అక్కడి ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ చేసిన అధ్యయనం దీనికి జవాబు చెప్పింది. తేదీలు, వారాలు మళ్లీ అదే వరసలో రావడానికి 28 ఏళ్లు పడుతుంది. ఆ 28 ఏళ్లలో 2,080 గంటల సంవత్సరాలు 7, 2,088 గంటలవి 17, 2,096 గంటలవి 4. అన్నీ కలిపి 58,440 గంటలు. 28తో భాగిస్తే 2,087.14. వందేళ్లకోసారి లీపు తప్పిపోయే నియమాన్ని కూడా కలుపుకుని 400 ఏళ్ల చక్రం మొత్తం లెక్కేసినా 2,087.1 వస్తుంది. మొదట తాత్కాలికంగా, 1986లో శాశ్వతంగా, చట్టంలో 2,080 స్థానంలో 2,087 వచ్చి కూర్చుంది.

ఈ మార్పు ఉద్యోగి జేబులోంచి కొంచెం తీసింది. ఏడాదికి 62,610 డాలర్ల జీతం అనుకోండి. 2,080తో భాగిస్తే గంటకు 30.10, 2,087తో భాగిస్తే సరిగ్గా 30.00. గంటకు పది సెంట్లు. ఒక మనిషికి చిన్న మొత్తమే, లక్షల మందికి జీతాలిచ్చే ప్రభుత్వానికి కాదు. అయినా లెక్క పరంగా 2,087 సరైనదని ఒప్పుకోవాలి. ఎందుకంటే పాత పద్ధతిలో 364 రోజులకే ఏడాది జీతం మొత్తం ముట్టేది, మిగిలిన రోజుకు మళ్లీ పైన చెల్లించాల్సి వచ్చేది.

ఆ ఏడు గంటల మీద ఇంత చర్చ జరిగింది కానీ, అంతకన్నా పెద్ద తేడా ఇంకోచోట ఉంది. 2,087లో ఉన్నవి జీతం ముట్టే గంటలు, పనిచేసే గంటలు కావు. పండగ సెలవులు, జీతంతో కూడిన సెలవులు అందులోనే కలిసి ఉన్నాయి. ఆ ఉద్యోగికే ఏడాదికి 11 ప్రభుత్వ సెలవులు, 20 రోజుల వార్షిక సెలవు ఉన్నాయనుకోండి. 31 రోజులంటే 248 గంటలు. తీసేస్తే మిగిలేవి 1,839. 62,610ని దీనితో భాగిస్తే గంటకు 34.05 వస్తుంది. అంటే కుర్చీలో కూర్చుని నిజంగా పనిచేసిన గంట ఒక్కొక్కటీ అతనికి 34.05 తెచ్చిపెడుతోంది. అదనపు గంటకు 30 మీద ఒకటిన్నర రెట్లు, 45 ఇస్తే అది 34.05కి 1.32 రెట్లే. పేరుకు ఒకటిన్నర, నిజానికి ఒకటీ పావు దాటి కాస్త.

ఒకటిన్నర లేకుండా మామూలు రేటుకే అదనపు పని అడిగే చోట ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ఆరు శనివారాలు, రోజుకు 8 గంటల చొప్పున 48 గంటలు. 30 రేటుకు 1,440 వస్తుంది, 34.05 రేటుకు సుమారు 1,634. అదనంగా పనిచేసిన శనివారానికి సెలవు జమ కాదు, పండగ జీతం రాదు. అందుకని ఉద్యోగ ఒప్పందం బయట విడిగా ఒప్పుకునే పనికి పనిచేసే గంటలతో భాగించిన రేటే అడగాలని నా అభిప్రాయం. ఆ రేటులో కూడా యజమాని భరించే బీమా, పింఛను వాటాలు చేరలేదు. ఒప్పందం లోపల చేసే ఓవర్‌టైమ్‌కు మాత్రం చట్టమో ఒప్పందమో చెప్పిన సంఖ్యే చెల్లుతుంది.

పొరపాట్లు ఎక్కువగా దొర్లేది అరువు తెచ్చుకున్న సంఖ్యతోనే. ఒప్పందంలో వారానికి 37.5 గంటలే ఉంటే ఏడాదికి 1,950 గంటలవుతాయి, గంట రేటు 32.11. అక్కడ ఎక్కడో విన్న 2,080 వాడితే గంటకు రెండు డాలర్లు పోతాయి. వారానికి 40 గంటలున్న చోట నెలకు నాలుగు వారాలే అనుకుని 1,920తో భాగిస్తే రేటు 32.61కి పెరిగి యజమాని నష్టపోతాడు. పట్టుకోవడం కష్టమేం కాదు. సెలవులు తీసేయకుండా కట్టిన గంట రేటును ఒప్పందంలోని వారపు గంటలతో, ఆపైన 52తో గుణించి చూడాలి. వచ్చిన మొత్తం వార్షిక జీతానికి వందలో రెండు మూడు వంతుల తేడాతో దూరంగా ఉంటే, ఆ రేటు వేరే ఎవరి వారాన్నో కొలిచి తెచ్చినది. ఏ సంఖ్యతో భాగించారో, అందులో సెలవులు కలిసి ఉన్నాయో లేదో మొదటి శనివారానికి ముందే కాగితం మీద రాయించుకోవాలి.