అపోహలు - వాస్తవాలు: అరుదైన కాసు కొంటే బంగారం కొన్నట్టేనా?

పాత బంగారు నాణేలు చూసి విలువ కట్టడం నా పని. పోయిన నెల ఒకావిడ 1918లో బొంబాయిలో అచ్చయిన సవరన్, అంటే బ్రిటిష్ వాళ్ళ బంగారు కాసు, తెచ్చారు. "అరుదైన కాసు అన్నారండీ, లక్షా పదివేలు పెట్టి కొన్నాను. మా అమ్మాయి పెళ్ళికి దీంతో నగ చేయించండి" అన్నారు. కాసు అసలుదే. వెనక వైపు బొమ్మలో గుర్రం కాళ్ళ కింద, సంవత్సరం పైన బొంబాయి టంకశాల గుర్తు, ఇంగ్లీషు 'ఐ' అక్షరం, స్పష్టంగా ఉంది. తూకం 7.98 గ్రాములు. ఆ తర్వాత చెప్పాల్సిన మాటే నాకు కష్టమైంది.

అపోహ: అరుదైన కాసులో డబ్బు ఎటూ పోదు, బంగారం ఉంది కదా.

వాస్తవం: సవరన్ 22 క్యారెట్లు. అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములే. లెక్క కోసం 24 క్యారెట్ల గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. అప్పుడు ఆ కాసులో బంగారం విలువ 73,200. మిగతా 36,800 అరుదుదనానికి కట్టిన ధర. అదే లక్షా పదివేలతో మామూలు 24 క్యారెట్ల నాణేలు కొంటే, 3 శాతం తయారీ ఖర్చు, 3 శాతం జీఎస్టీ పోను, 10 గ్రాములకు పైనే వచ్చేది. అంటే మూడు గ్రాముల బంగారం తగ్గిపోయింది. బంగారం లెక్కన ఆవిడ డబ్బు తిరిగి రావాలంటే గ్రాము ధర 15,000 దాటాలి.

అరుదుదనం ధర ఇచ్చేది సేకరించేవాళ్ళే. వాళ్ళు దొరకాలి, నాణెం స్థితి వాళ్ళకు నచ్చాలి. నగల దుకాణంలో చూసేది తూకం, స్వచ్ఛత మాత్రమే. పైగా ఆవిడ మెరుపు కోసం కుంకుడు రసంలో వేసి బ్రష్‌తో తోమారు! అంచుల మీద సన్నటి గీతలు పడ్డాయి. సేకరించేవాళ్ళు ముందు చూసేది అవే. కాసులపేరు నుంచి తీసిన కాసులకూ ఇదే గతి, కొక్కెం అతికిన మచ్చ పోదు.

అపోహ: పాతదైతే అరుదైనదే. కాదు. రాణి బొమ్మ కాసులు, రాజు బొమ్మ కాసులు కోట్లలో అచ్చయ్యాయి. చాలా సంవత్సరాలవి బంగారం ధరకు కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. అలా దొరికితే తూకం కోసం కొనుక్కోవచ్చు, తప్పు లేదు.

అపోహ: పాత కాసు మేలిమి బంగారం. కాదు, ఈ సవరన్లన్నీ 22 క్యారెట్లే.

నాయనమ్మ ఇచ్చిన కాసు ఇంట్లో ఉంటే మాత్రం కంగారుపడి కరిగించకండి. తోమకండి. ముందు సంవత్సరం, టంకశాల గుర్తు ఎవరికైనా చూపించండి. మీరు దానికి ఎక్కువ ధర కట్టలేదు కాబట్టి మీకు పోయేదేమీ లేదు.

ఆవిడ కాసును నేను కరిగించలేదు. కొన్న బిల్లు పట్టుకెళ్ళి, తిరిగి ఎంతకు తీసుకుంటారో అమ్మినవాళ్ళనే అడగమన్నాను. 82,000 ఇస్తామన్నారట. ఫోన్‌లో ఆవిడ గొంతు వణికింది. కరిగిస్తే వచ్చేదానికంటే అది నయం, ఇచ్చేసి ఆ డబ్బుతో హాల్‌మార్క్ నాణేలు తీసుకోండమ్మా అన్నాను.