కర్త ఒకటి, క్రియ మరొకటి: తెలుగు వ్యాసాల్లో అపోహలు - వాస్తవాలు

విద్యార్థుల తెలుగు వ్యాసాలు దిద్దడం నా పని. కర్తకు, క్రియకు పొత్తు కుదరని వాక్యాలు రోజూ కనిపిస్తాయి, వాటి గురించి విద్యార్థుల్లోనే కాదు, దిద్దే వాళ్లలో కూడా కొన్ని అపోహలున్నాయి.

అపోహ: మాతృభాషలో రాసేవాళ్లకు ఈ తప్పులు రావు.

వాస్తవం: మాట్లాడేటప్పుడు రావు, ఎందుకంటే అప్పుడు వాక్యం చిన్నది. వ్యాసం అనగానే వాక్యం పొడవవుతుంది, కర్తకూ క్రియకూ మధ్య నాలుగైదు నామవాచకాలు చేరతాయి, చివరికొచ్చేసరికి రాసేవాడు అసలు కర్తను మర్చిపోయి మనసులో మెదులుతున్న మాటకు క్రియను కలిపేస్తాడు. ఈ వాక్యం చూడండి: "సోషల్ మీడియాలో తప్పుడు వార్తలు పంచుకునే వారి సంఖ్య రోజురోజుకూ పెరుగుతున్నారు." రాసిన అబ్బాయి మనసులో ఉన్నది మనుషులు, అందుకే "పెరుగుతున్నారు". ఇలాంటి చోట క్రియ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. పెరుగుతున్నది ఏది? "సోషల్ మీడియాలో" కాదు, దాని చివర "లో" ఉంది. "వారి" కూడా కాదు, అది "సంఖ్య"కు విశేషణంలా పనిచేస్తోంది. "వార్తలు" అనేది "పంచుకునే" అన్న మాటకు కర్మ, దాని పని అక్కడితో అయిపోయింది. మిగిలింది "సంఖ్య", అది ఏకవచనం, కాబట్టి "పెరుగుతోంది". "సంఖ్య" వద్దనుకుంటే "పంచుకునేవారు రోజురోజుకూ పెరుగుతున్నారు" అని రాయండి, అదీ సరైనదే.

ఒక్క జాగ్రత్త. విభక్తి లేని మాట కనిపించినంత మాత్రాన అదే కర్త అనుకోకూడదు. "అభివృద్ధి పేరుతో చెట్లు నరుకుతున్నారు" అన్న వాక్యంలో "చెట్లు" కర్మే, కర్త బయటికి చెప్పలేదు, అంతే. దీన్ని ఎర్రసిరాతో కొట్టేసే వాళ్లున్నారు, అది అన్యాయం.

అపోహ: కర్త బహువచనమైతే "లేదు" అన్న ప్రతిచోటా "లేవు" అని మార్చాలి.

వాస్తవం: నేను చూసినంతలో ఎక్కువ గందరగోళం ఇక్కడే. "మా గ్రామంలో సరైన రోడ్లు లేదు" అని ఒకరు రాస్తారు, తప్పు. దాన్ని దిద్దగానే తర్వాతి వ్యాసంలో అదే విద్యార్థి "ఈ ఏడాది వర్షాలు పడలేవు" అని రాస్తాడు. పాపం, సూత్రం పాటించాననే అనుకుంటాడు. కానీ ఆ వాక్యానికి వర్షాలకు పడే శక్తి లేదన్న అర్థం వస్తుంది!

"లేదు" రెండు పనులు చేస్తుంది. ఒక వస్తువో మనిషో ఉండకపోవడాన్ని చెప్పినప్పుడు అది కర్తను బట్టి మారుతుంది: రోడ్డు లేదు, రోడ్లు లేవు, టీచర్లు లేరు, నేను లేను. జరగని పనిని చెప్పడానికి మరో క్రియ వెనక చేరినప్పుడు మాత్రం అసలు మారదు: నేను వెళ్లలేదు, వాళ్లు వెళ్లలేదు, వర్షాలు పడలేదు. ఏది ఏదో తేల్చుకోవాలంటే వాక్యాన్ని వ్యతిరేకం నుంచి మామూలుగా మార్చి చూడండి. "రోడ్లు ఉన్నాయి" అని వస్తే "లేవు". "వర్షాలు పడ్డాయి" అని వస్తే "పడలేదు". పిల్లలకు ఈ పరీక్ష ఒకసారి చేయించి చూపిస్తే చాలావరకు పట్టుకుంటారు.

"కాదు" కూడా ఇబ్బంది పెడుతుంది. "ఇవి అసలు కారణాలు కాదు" అని మాటల్లో అంటాం, వ్యాసంలో "కావు" అని రాయడం మంచిది.

అపోహ: స్త్రీల గురించి "పోరాడింది" అని రాస్తే అమర్యాద.

వాస్తవం: ఏకవచనంలో స్త్రీకీ, వస్తువుకీ తెలుగులో క్రియారూపం ఒకటే, అందుకే కొందరికి ఇది చిన్నచూపులా అనిపిస్తుంది. "ఝాన్సీ లక్ష్మీబాయి బ్రిటిష్ వారితో పోరాడింది" అనవచ్చు, "పోరాడారు" అనీ అనవచ్చు. అసలు తప్పు రెండూ కలపడం: మొదటి వాక్యంలో "పోరాడింది", తర్వాతి వాక్యంలో "1858లో వీరమరణం పొందారు". ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే రాయండి. పురుషుల విషయంలో సర్వనామం కూడా చూసుకోవాలి, "అతను అన్నారు" పొసగదు, "అతను అన్నాడు" గానీ "ఆయన అన్నారు" గానీ కావాలి.

అపోహ: "బడు" చేరిస్తే వాక్యం గంభీరంగా ఉంటుంది.

వాస్తవం: గంభీరత సంగతేమో గానీ, పొత్తు మాత్రం చెడుతుంది. "అడవుల్లోని చెట్లను నరికివేయబడుతోంది" అన్న వాక్యంలో "ను" చేర్చడంతో చెట్లు కర్మ అయ్యాయి, "బడు" మాత్రం వాటినే కర్తగా అడుగుతోంది, క్రియేమో ఏకవచనం. "చెట్లు నరికివేయబడుతున్నాయి" అంటే వ్యాకరణం సరిపోతుంది. నేనైతే "చెట్లను నరికివేస్తున్నారు" అనే దిద్దుతాను.