వీపు మీద నల్లటి వెంట్రుకల మచ్చ: క్యాన్సర్ ముప్పును ఎలా లెక్క కడతారు?

దేవరకొండ దగ్గర ఒక పల్లెలో ఆడపిల్ల పుట్టిందనుకుందాం. వీపు మీద 11 సెంటీమీటర్ల నల్ల మచ్చ, దాని మీద మెత్తటి వెంట్రుకలు. తొడల మీద, చేతుల మీద మరో ఎనిమిది చిన్న మచ్చలు. చూసిన పెద్దవాళ్లు "గ్రహణం పట్టింది" అంటారు, ఆ మాట తల్లి మీద నిందగా పడుతుంది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పిండం ఎదిగే తొలి వారాల్లో, చర్మానికి రంగునిచ్చే కణాల మూలకణం ఒకదానిలో జన్యువు మారుతుంది. పెద్ద మచ్చల్లో ఎక్కువగా మారేది NRAS అనే జన్యువు. ఆ కణం సంతతి ఎంత మేర పాకితే మచ్చ అంత మేర ఉంటుంది. తల్లి తిన్నదీ, తిరిగినదీ దీనికి కారణం కాదు. తర్వాతి కాన్పులో మళ్లీ రావడం కూడా చాలా అరుదు.

ఇంట్లో వాళ్లను ఎక్కువగా భయపెట్టేది వెంట్రుకలు. కానీ ముప్పు లెక్కలో వాటికి చోటు లేదు. మచ్చ ఎదిగేకొద్దీ అవి ఒత్తుగా, ముతకగా మారతాయి. కత్తిరించినా, గీసినా క్యాన్సర్ రాదు. చర్మం తెగకుండా చూసుకుంటే చాలు.

డాక్టర్లు మొదట చూసేది సైజు. అదీ ఈరోజు ఉన్న సైజు కాదు, పిల్ల పెద్దయ్యాక ఎంత అవుతుందన్నది. మచ్చ ఒంటితో పాటే సాగుతుంది. పుట్టినప్పటి కొలతను తల మీదైతే సుమారు 1.7తో, కాళ్ల మీదైతే 3.3తో, మిగతా చోట్ల 2.8తో హెచ్చిస్తారు. ఈ పాప మచ్చ 11 × 2.8, అంటే దాదాపు 31 సెంటీమీటర్లు. 20 దాటితే పెద్ద మచ్చ, 40 దాటితే అతిపెద్దది. అదే 5 సెంటీమీటర్లతో పుట్టి ఉంటే 14 దగ్గర ఆగేది, మధ్యరకం మచ్చ అయ్యేది.

పెద్దయ్యాక 20 లోపు ఉండే మచ్చల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ జీవితకాలంలో 100 మందిలో ఒకరికి కూడా రాదు. 20 దాటితే 2 నుంచి 5 మందికి రావచ్చు. 60 దాటి, చుట్టూ పిల్ల మచ్చలు లెక్కకు మించి ఉంటే ఇంకా పెరుగుతుంది. మన పాప రెండో గుంపులో పడుతుంది. అంటే 100 మందిలో 95 మందికి పైగా ఈ క్యాన్సర్ రాదు. వచ్చే కొద్దిమందిలో మాత్రం దాదాపు సగం మందికి మొదటి ఐదేళ్లలోనే వస్తుంది. అందుకే "పెద్దయ్యాక చూపిద్దాంలే" అనే వాయిదా ఇక్కడ పనికిరాదు.

రెండో లెక్క మెదడుది. ఒకటికి మించి మచ్చలతో పుట్టిన పిల్లల్లో అవే రంగు కణాలు మెదడులో, వెన్నుపాములో కూడా ఉండవచ్చు. దీన్ని చూసేది ఎమ్మారై. ఆరు నెలల లోపే తీయించాలి. ఎమ్మారైలో ఆ కణాల్లోని రంగు పదార్థం మెలనిన్ తెల్లగా మెరుస్తుంది. నెలలు గడిచేకొద్దీ మెదడు నరాలకు పట్టే కొవ్వు పొర కూడా అలాగే మెరిసి, మెలనిన్‌ను కప్పేస్తుంది. తొలి మూడు నెలల్లోనైతే చాలామంది పిల్లలకు మత్తు మందు కూడా అక్కర్లేదు. పాలు పట్టి, బట్టలో చుట్టి పడుకోబెట్టి తీయవచ్చు. కాబట్టి నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చర్మ డాక్టరును కలిసిన తొలి రోజే హైదరాబాద్‌లో ఎమ్మారై గురించి అడగాలి. ఆ ఫలితం మామూలుగా ఉంటే చాలా భారం దిగినట్టే. తేడా ఉంటే నరాల డాక్టరు పర్యవేక్షణ తోడవుతుంది. ఆగని వాంతులు, ఫిట్స్, తల వేగంగా పెరగడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక ఇంట్లో చూసుకునే తీరు. చిన్న మచ్చలో క్యాన్సర్ సాధారణంగా యుక్తవయసు దాటాక, పై పొరలో మొదలవుతుంది కాబట్టి కంటికి కనిపిస్తుంది. పెద్ద మచ్చలో చాలాసార్లు లోతున మొదలవుతుంది. పైన రంగు ఏమాత్రం మారకపోవచ్చు. అందుకే కన్ను ఒక్కటే చాలదు, వేళ్లతో తడమాలి. నెలకోసారి స్నానం చేయించేటప్పుడు మచ్చంతా మెల్లగా నొక్కుతూ గట్టి గడ్డ ఏదైనా తగులుతుందా చూడాలి. చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో కూడా చూడాలి. పక్కన స్కేలు పెట్టి, అదే వెలుతురులో ఫోటో తీసి ఉంచుకుంటే పోల్చడం తేలిక. డాక్టరు దగ్గరికి మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత కొన్నేళ్లు ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి వెళ్లడం ఇలాంటి మచ్చకు సరిపోయే పద్ధతి.

గడ్డ తగిలిన ప్రతిసారీ క్యాన్సర్ కాదు. పసిపిల్లల మచ్చల్లో మామూలు గడ్డలు లేస్తుంటాయి, చాలావరకు మెత్తబడి అణగిపోతాయి. కొన్ని వారాల్లోనే పెరిగేది, గట్టిగా ఉండేది, పుండు పడి రక్తం కారేది అయితే ముక్క తీసి పరీక్షించాలి. మైక్రోస్కోపులో ఈ రెండూ ఒకేలా కనిపించి పొరబడే ప్రమాదం ఉంది. పిల్లల మచ్చలు చూసిన అనుభవమున్న పాథాలజిస్టుకు ఆ స్లైడు మళ్లీ చూపించి, అవసరమైతే కణాల క్రోమోజోమ్ పరీక్ష చేయించాకే పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకోవాలి.

మచ్చంతా కోసి తీసేస్తే ముప్పు పోతుందా అంటే, పూర్తిగా పోదు. కణాలు కొవ్వు పొర దాకా, ఒక్కోసారి కండ దాకా దిగి ఉంటాయి. కొందరిలో క్యాన్సర్ చర్మంలో కాక మెదడులోనే మొదలవుతుంది. రూపం కోసం, లేదా తడమడానికి వీల్లేనంత మందంగా ఉందని కొంత భాగం తీయించుకోవచ్చు. తీయించినా నెలనెలా తడమడం ఆపకూడదు, కుట్టు గీత వెంట కూడా. లేజర్ అయితే పై రంగును పలచన చేస్తుంది, లోతు కణాలను ముట్టదు.

ఈ మచ్చ మీది చర్మం పొడిబారుతుంది, దురద పెడుతుంది, గోరు తగిలితే చిట్లుతుంది. చెమట కూడా తక్కువ పడుతుంది. మన వైపు వేసవిలో పాపకు పలచటి నూలు చొక్కా వేసి, రోజూ వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, మిట్టమధ్యాహ్నం చేను గట్టు మీదికి తీసుకెళ్లకుండా నీడపట్టున ఉంచాలి.